గొంతులో అడ్డుపడిన ముద్ద – వీపు మీది దెబ్బ, పొట్ట మీది ఒత్తిడి
(లంబాలైన్‌లో జరిగిన కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న ఈ లంబాలైన్‌లోనూ, రేవులోనూ, నిర్మాణ స్థలాలలోనూ పనిచేసే మనవారి మధ్యాహ్న విరామం స్వల్పమైనది. ఆ కొద్ది వ్యవధిలోనే భోజనం ముగించాలి, తోటివారితో నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. నమలవలసినంత నమలక, మాట్లాడుతూ నవ్వుతూ మింగే సమయంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. ఈనాటి నా ప్రసంగం ఆ ప్రమాదాన్ని గురించే.

1948 నాటి కర్మాగారాల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమచికిత్స పెట్టె ఉండాలని నిర్దేశించింది. ఆ పెట్టెల కోసం మనం ఎన్నో చోట్ల పోరాడాము. కాని గొంతులో ముద్ద అడ్డుపడిన మనిషిని రక్షించగల వస్తువు ఆ పెట్టెలో ఒక్కటీ లేదు. అతనిని రక్షించవలసినవి ప్రక్కన కూర్చున్న మనిషి చేతులే. ఊపిరి పూర్తిగా ఆగిపోతే కొద్ది నిమిషాలలోనే మెదడుకు హాని మొదలవుతుంది. వైద్యుడు వచ్చేవరకు ఆగే వ్యవధి ఉండదు.

మన ఇళ్ళలో ఎవరికైనా పొలమారితే, “ఎవరో తలచుకొంటున్నారు” అని నడినెత్తిన తట్టి మంచినీళ్ళు అందిస్తాము. పొలమారడమంటే అన్ననాళంలోకి పోవలసిన మెతుకో నీటిబొట్టో శ్వాసనాళపు ద్వారానికి తగలడం. ఆ మనిషి దగ్గుతాడు, కండ్ల నీరు కారుస్తాడు, మాట్లాడగలుగుతాడు కూడా. శబ్దం వస్తున్నదంటే గాలి ఆడుతున్నదన్న మాట. అటువంటివానిని కొట్టకూడదు, నొక్కకూడదు. ముందుకు వంగి గట్టిగా దగ్గమని చెప్పి, దగ్గర నిలబడి కనిపెట్టి ఉండాలి. మన శరీరం తయారుచేసుకొన్న దగ్గును మించిన సాధనం మన చేతులలో లేదు.

అసలు భయపడవలసినది నిశ్శబ్దానికి. ఒక సందర్భాన్ని ఊహించుకొందాం. భోజనశాలలో ఒక కార్మికుడు పచ్చికొబ్బరి ముక్కను సరిగా నమలకుండా మింగబోయాడు. ఉన్నట్టుండి మాట ఆగింది. రెండు చేతులూ గొంతు దగ్గరకు పోయాయి. నోరు తెరిచాడు గాని దగ్గు రాలేదు. ముఖం కందిపోయి, పెదవులు నీలంగా మారుతున్నాయి. చూచినవారు గుండెపోటు అనుకోవచ్చు. అమెరికాలో హోటళ్ళలో భోజనం చేస్తూ కుప్పకూలినవారి మరణాలు గుండెపోటుగా లెక్కకు వస్తున్నాయనీ, నిజానికి గొంతులో ఆహారం అడ్డుపడిందనీ 1963లో హాగెన్ అనే వైద్యుడు వెల్లడించాడు. గుండెపోటు వచ్చినవాడు సాధారణంగా మాట్లాడగలడు. ఇతడు మాట్లాడలేడు. కనుక “గొంతులో అడ్డం పడిందా?” అని అడగండి. మాట రాక తల మాత్రమే ఊపితే ఇక తాత్సారం పనికిరాదు. ఒకరు 112కు ఫోన్ చేయాలి, మరొకరు పని ప్రారంభించాలి.

మొదట అతని ప్రక్కగా, కొంచెం వెనుకగా నిలబడండి. ఒక చేతిని రొమ్ముకు ఆనించి, అతనిని బాగా ముందుకు వంచండి. నిటారుగా నిలబెట్టి కొడితే కదిలిన ముక్క మరింత లోనికి జారవచ్చు. వంగి ఉన్నప్పుడు నోటివైపు వస్తుంది. రెండవ అరచేతిలో మణికట్టును ఆనుకొని ఉన్న గట్టి భాగంతో, రెండు రెక్క ఎముకల నడుమ 5 దెబ్బలు వేయండి. ఇవి లాలనగా తట్టడం కాదు, గట్టి దెబ్బలు. ప్రతి దెబ్బకూ ముక్క బయటపడినదేమో గమనించండి.

పడకపోతే వెనుకకు వెళ్ళి రెండు చేతులూ అతని నడుము చుట్టూ పోనివ్వండి. ఒక పిడికిలిని బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కొనకు బాగా దిగువన ఉంచండి. రెండవ చేతితో ఆ పిడికిలిని పట్టుకొని లోపలికీ పైకీ ఒక్క ఊపున 5 సార్లు లాగండి. అప్పటికీ రాకపోతే మళ్ళీ 5 దెబ్బలు, మళ్ళీ 5 ఒత్తిళ్ళు. అడ్డు తొలగేవరకు లేదా అతడు స్పృహ కోల్పోయేవరకు ఇదే క్రమం.

ఇది ఎందుకు పనిచేస్తుంది? మనం మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కూడా పెద్దవాని ఊపిరితిత్తులలో సుమారు రెండు లీటర్లకు పైగా గాలి మిగిలి ఉంటుంది. గొంతు మూతపడినా, ఆ గాలి ముక్కకు క్రింద బందీగా ఉంటుంది. పొట్టను లోపలికీ పైకీ నొక్కినప్పుడు, రొమ్మునూ ఉదరాన్నీ వేరుచేసే కండరపు పొర పైకి లేస్తుంది. రొమ్ములో చోటు తగ్గి, గాలి ఒత్తిడి హఠాత్తుగా పెరిగి, సీసా బిరడాను లోపలి వాయువు తన్నినట్లు ముక్కను పైకి తన్నుతుంది. వీపు మీది దెబ్బ ఇచ్చే ఒత్తిడి క్షణికమైనది. కాని దాని అదురు, నాళపు గోడకు కరచుకొన్న ముక్కను వదులు చేస్తుంది. ఒకటి కదిలిస్తుంది, మరొకటి నెడుతుంది. అందుకే ఒక్క పద్ధతితో ఫలితం రానప్పుడు రెండవది కావాలి.

ఈ విషయమై వైద్యులలోనే దీర్ఘకాలం వివాదం నడిచింది. పొట్ట మీది ఒత్తిడిని 1974లో ప్రతిపాదించిన అమెరికా శస్త్రవైద్యుడు హెన్రీ హైమ్లిక్, వీపు దెబ్బలు ముక్కను లోనికి దింపుతాయని తీవ్రంగా ఖండించాడు. 1980ల నడుమ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెద్దలకు దెబ్బలను మానిపించింది. ఐరోపాలో దెబ్బలతోనే మొదలుపెట్టే పద్ధతి నిలిచింది. చివరకు 2025లో అదే అమెరికన్ సంస్థ ముందు 5 దెబ్బలు, తరువాత 5 ఒత్తిళ్ళు అని సూచించింది. కనుక ఎవరైనా పాత పుస్తకంలో వేరుగా చదివి ఉంటే కలవరపడనక్కరలేదు.

కొన్ని హద్దులున్నాయి. ఏడాది నిండని పసిబిడ్డకు పొట్ట నొక్కరాదు, లోపలి కాలేయం దెబ్బతింటుంది. బిడ్డను ముంజేతిపై బోర్లా, తల దిగువగా ఉంచి 5 దెబ్బలు వేసి, వెల్లకిలా త్రిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. నిండు గర్భిణులకూ, చేతులు చుట్టూ అందనంత స్థూలకాయులకూ పొట్టకు బదులు రొమ్ము నడుమ నొక్కాలి. కనబడని ముక్క కోసం నోటిలో వ్రేలు పెట్టి వెదకరాదు, అది మరింత దిగబడుతుంది. మాట రాని స్థితిలో నీళ్ళు పోయరాదు. స్పృహ తప్పితే నేలపై వెల్లకిలా పరుండబెట్టి, రొమ్ము నడుమ 30 ఒత్తిళ్ళు, 2 శ్వాసలు చొప్పున ఆరంభించాలి. శ్వాస ఇచ్చే ముందు ప్రతిసారీ నోటిలోకి చూచి, ముక్క కనబడితేనే తీయాలి.

ముక్క బయటపడి మనిషి నవ్వినంత మాత్రాన పని ముగియలేదు. పొట్ట నొక్కించుకొన్న ప్రతివానినీ ఆసుపత్రిలో చూపించాలి. లోపలి అవయవాలకు గాయం తగిలి ఉండవచ్చు. దగ్గు ఆగకపోయినా, గురక వంటి శబ్దం వచ్చినా, ముక్కలో కొంత లోపల మిగిలి ఉండవచ్చు.

ఇప్పుడు మీరు ఇద్దరిద్దరుగా నిలబడి అభ్యాసం చేస్తారు. నిలబడే చోటు, పిడికిలి ఉంచే చోటు మాత్రమే చూపించుకోండి. ఆరోగ్యవంతుని మీద అసలు దెబ్బ గాని, అసలు ఒత్తిడి గాని ప్రయోగించరాదు. ప్రతి షిఫ్టులో, ప్రతి భోజనశాలలో ఈ చోట్లు తెలిసినవారు కనీసం ఇద్దరైనా ఉండేటట్లు శాఖా కార్యదర్శులు పేర్లు వ్రాసి ఈ సాయంకాలం నాకు అందజేయండి.