గల్లాలో డబ్బంతా లాభం కాదు

రామంతాపూర్ గల్లీలో ఒక్కరే నడిపే కిరాణా కొట్టు అనుకుందాం. నెలకు లక్ష రూపాయల అమ్మకం, అంతా నగదే. 90 వేల సరుకు దిగింది. అందులో 20 వేలు హోల్‌సేల్ వాళ్లకు ఇంకా బాకీ. కిరాయి, కరెంటు కలిపి 8 వేలు. గల్లాలో 22 వేలు మిగిలాయి. ఇది లాభమా? కాదు. అందులో 20 వేలు బాకీదే. నెల మొదట్లో ఉన్నంత సరుకే చివర్లోనూ ఉంటే, అసలు లాభం 2 వేలే. సరుకు తగ్గితే అదీ తగ్గుతుంది.

అందుకే ఫోన్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో మూడు పేజీలు పెట్టండి. ఒకటి ఆర్డర్లకు, ఒకటి ఖర్చులకు, ఒకటి సరఫరాదారులకు. మూడోదాంట్లో తేదీ, పేరు, బిల్లు, కట్టింది, బాకీ అని గడులుండాలి. బిల్లులోంచి కట్టింది తీసేసే సూత్రం ఒక్కసారి రాసి కింది వరుసలకు లాగితే చాలు, బాకీ అదే తేలుతుంది. ఉద్దెర ఇచ్చినా, సరుకు ఇచ్చిన రోజే ఆర్డర్ల పేజీలో అమ్మకంగా రాయండి. ఇంటికి తీసుకున్న డబ్బు కొట్టు ఖర్చు కాదు, దాన్ని విడిగా రాయాలి.

ఖాతా పుస్తకం చాలదా అంటారు. బాకీల వరకు చాలు. నెల లాభం మాత్రం ఎవరో కూర్చుని లెక్క కట్టాలి, ఒంటరి కొట్టులో ఆ పనే వాయిదా పడుతుంది. ఈ నెలాఖరున అరల్లోని సరుకును కొన్న ధరకు లెక్కగట్టి, అక్కడే మొదలుపెట్టండి.