సమయానికి సరుకు: చిన్న ఫ్యాక్టరీ ముందుగా తూచుకోవలసినవి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పూర్వ విద్యార్థుల్లో చిన్న చిన్న ఫ్యాక్టరీలు నడుపుతున్నవారు చాలామందే ఉన్నారు. వాళ్ళకు పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమని సంఘం కార్యదర్శి అడిగారు. నేను ముప్పై ఏళ్ళుగా కొనుగోళ్ళూ స్టోర్లూ చూస్తున్న ఇంజనీరుని. అందుకే జస్ట్-ఇన్-టైమ్ కొనుగోలు గురించి మాట్లాడతాను. సరుకు కుప్పగా తెచ్చి పెట్టుకోకుండా, కావలసినప్పుడు కావలసినంతే తెప్పించుకోవడం అని దాని అర్థం.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. ఇంట్లో పాలు రోజూ తెచ్చుకుంటాం, బియ్యం నెలలకు సరిపడా పోయించుకుంటాం, ఆవకాయ ఏడాదికి పెట్టుకుంటాం. పాలవాడు రేపూ వస్తాడని నమ్మకం, పైగా పాలు నిలవ ఉండవు. మామిడికాయ ఎండాకాలం దాటితే దొరకదు. ఏది రోజూ కొనాలో, ఏది జాడీలో పెట్టుకోవాలో మన అమ్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఫ్యాక్టరీకి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టాలని చూస్తాం.

ఈ ఆలోచన జపాన్‌లో టొయోటా కంపెనీది. కీచిరో టొయోడా 1930లలోనే దీన్ని మొదలుపెట్టారు. యుద్ధం తరువాత తైయిచి ఓనో అనే ఇంజనీరు దాన్ని కార్డుల పద్ధతిగా, అంటే కాన్‌బాన్‌గా, నిలబెట్టారు. అమెరికా సూపర్ మార్కెట్లలో అరలోంచి సరుకు తీసినంతవరకే మళ్ళీ నింపుతారు కదా, ఆ పద్ధతి ఆయనకు నచ్చింది. చరిత్ర ఇంతటితో ఆపి చర్లపల్లిలోని ఒక యూనిట్‌కి వస్తాను. అక్కడ కొనుగోళ్ళకు నేనే సలహాదారుని. రోజుకు 40 చొప్పున గోడకు బిగించే ఎలక్ట్రికల్ ప్యానెల్ బాక్సులు తయారవుతాయి. ఒక్కోటి సుమారు 2,500 రూపాయలు, అంటే రోజుకు లక్ష రూపాయల సరుకు. కొనే వస్తువులు చాలా ఉన్నాయి కానీ రెండే తీసుకుందాం: బాక్సు ప్యాక్ చేసే అట్టపెట్టె, తలుపుకు వేసే తాళం.

అట్టపెట్టెలు ఆరు కిలోమీటర్ల దూరంలోనే తయారవుతాయి. మూడు నెలలకోసారి 3,000 తెప్పించేవారు, ఒక్కోటి 52 రూపాయలు. కొద్దికొద్దిగా పంపమంటే 54 అడిగాడు సరఫరాదారు. ఇక్కడ కాస్త లెక్క వేయాలి. సగటున 1,500 పెట్టెలు స్టోర్లో ఉంటాయి, విలువ 78,000 రూపాయలు. బ్యాంకు వడ్డీ 12 శాతం వేసుకుంటే నెలకు 780 రూపాయలు. నెలకు 1,000 పెట్టెల మీద రెండేసి రూపాయలు ఎక్కువిస్తే 2,000. అంటే 780 మిగుల్చుకోవడానికి 2,000 పోగొట్టుకోవడం. జస్ట్-ఇన్-టైమ్ గురించి రాసేవాళ్ళు వడ్డీ ఆదాను ముందు పెడతారు. చిన్న ఫ్యాక్టరీలో వడ్డీ ఒక్కటే చూస్తే చాలాసార్లు లెక్క ఎదురుతిరుగుతుంది.

అయినా అట్టపెట్టెలకు ఈ పద్ధతే సరైనదని చెప్పాను. మూడు వేల పెట్టెలు ఒక గది మొత్తం ఆక్రమించాయి. వానాకాలంలో కింది వరస తేమకు మెత్తబడి నలిగిపోయేది. బాక్సు మీద ముద్రించే వివరాలు మారినప్పుడల్లా పాత పెట్టెలు తూకానికి అమ్మేసేవారు. ఈ నష్టాలు వడ్డీ కన్నా చాలా ఎక్కువ, కానీ వీటికి బిల్లు రాదు కనుక ఎవరి కంటా పడవు.

ధర సంగతి వేరేలా తేల్చాం. ఏడాదికి 12,000 పెట్టెలకు ఒకే ఆర్డరు, ధర 52 రూపాయల 50 పైసలు. సరుకు మాత్రం రోజు విడిచి రోజు, ఆ దారిన ఎలాగూ తిరిగే వాళ్ళ ఆటోలోనే. సరఫరాదారు తన మిషన్ మీద ఒకేసారి వెయ్యి కోసుకుని తన షెడ్డులో పెట్టుకోవచ్చు. అంటే నిలువ మాయం కాలేదు, చోటు మారింది. ఇది మరిచిపోతే సరఫరాదారుకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. అందుకని ముద్రణ మారితే ఒక నెల సరుకు వరకు నష్టం మాదేనని ఒప్పందంలో రాయించాను.

కార్డుల లెక్క కూడా చెబుతాను. కార్డు పంపిన తరువాత సరుకు రావడానికి మామూలుగా రెండు మూడు రోజులు, జోరువానల్లో నాలుగు. నాలుగే తీసుకోవాలి. రోజుకు 40 చొప్పున 160 పెట్టెలు. కట్టకు 20 కనుక ఎనిమిది కట్టలు, భద్రత కోసం ఇంకో రెండు. మొత్తం పది కార్డులు. కట్ట విప్పగానే దాని కార్డు గోడ మీది డబ్బాలో పడుతుంది. సాయంత్రం ఆ కార్డుల ఫొటో వాట్సాప్‌లో సరఫరాదారుకి వెళ్తుంది. స్టోర్లో 3,000 ఉండేచోట ఇప్పుడు ఎప్పుడు చూసినా 200కి మించవు. ఒకసారి పెట్టె ఎత్తు ఐదు మిల్లీమీటర్లు తక్కువ కోశారు. మొదటి కట్టలోనే పట్టుబడింది, పోయింది ఆ రోజు కోసినవే. పాత పద్ధతిలో అయితే మూడు నెలల సరుకు అదే కొలతతో వచ్చి కూర్చునేది.

ఇక తాళం. ఇది వేరే రాష్ట్రం నుంచి వస్తుంది, ఖరీదు 60 రూపాయలు. అట్టపెట్టెలు బాగా నడిచాయి కనుక తాళాలనూ అలాగే చేద్దామన్నారు యజమాని. సరుకు ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగితే సరఫరాదారు ఎనిమిది రోజులన్నాడు. నేను గేటు రిజిస్టరు తెప్పించి, కొనుగోలు ఆర్డర్ల ఫైలు పక్కన పెట్టుకుని చివరి ఇరవై లోడ్లు చూశాను. పదిహేను లోడ్లు ఎనిమిది రోజుల అటూ ఇటూగానే వచ్చాయి. మిగిలినవి 12, 13, 14, 19, 26 రోజులు. సగటు తీస్తే పది రోజులు. ఆ సగటును నమ్ముకుని పది రోజుల సరుకే ఉంచితే ఇరవైలో ఐదుసార్లు తాళం లేక పని ఆగిపోయేది.

సగటు కన్నా చూడవలసినవి ఆ చివరి ఐదు లోడ్లు. అవి ఎందుకు ఆలస్యమయ్యాయని ఒక్కొక్కటీ అడిగాను. రెండు దారిలో రవాణా సంస్థ గోడౌన్లో పడున్నాయి. మిగతా మూడూ సరఫరాదారు దగ్గరే ఆగాయి, ఆ వారాల్లో ఒక పెద్ద కంపెనీకి సరుకు పంపవలసి వచ్చి మనవి వెనక్కి నెట్టాడు. అతని వ్యాపారంలో మన వాటా నూటికి ఒకటి కూడా లేదు. అతని చోటులో మనమున్నా అదే చేస్తాం. పెద్ద కంపెనీ పిలిస్తే సరఫరాదారు పరిగెత్తుకొస్తాడు, మనం పిలిస్తే ఫోనెత్తడమే గొప్ప. టొయోటా పద్ధతిని చిన్న ఫ్యాక్టరీ యథాతథంగా తెచ్చుకోలేకపోవడానికి అసలు కారణం ఇదే.

టొయోటాకీ ఒకసారి పరీక్ష వచ్చింది. 1997 ఫిబ్రవరి 1న కరియాలోని ఐసిన్ సేకీ ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు టొయోటాకి దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది. చేతిలో ఉన్నది కొద్ది గంటల సరుకు. రెండు మూడు రోజుల్లో జపాన్‌లోని టొయోటా కార్ల ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ ఆగాయి. అప్పుడు పదులకొద్దీ కంపెనీలు తమ మిషన్ల మీద ఆ వాల్వులు చేసిపెట్టాయి, వాటిలో కుట్టుమిషన్ల బ్రదర్ కంపెనీ కూడా ఉంది. సుమారు వారంలో పని గాడిన పడింది. మనకు అలా జరిగితే వచ్చేదెవరు? 2011 భూకంపం తరువాత టొయోటా కూడా తన పద్ధతిని సవరించుకుని, కంప్యూటర్ చిప్పులు కొన్ని నెలలకు సరిపడా ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు మొదట్లో మిగతా కంపెనీల కన్నా అది తట్టుకోగలిగిందంటే కారణం అదే.

తాళానికి మేము చేసింది ఇది. 26 రోజుల సరుకు ఉంచుకున్నాం. పది రోజుల సరుకు మీద అదనం 16 రోజులు, అంటే 640 తాళాలు, 38,400 రూపాయలు. దాని మీద వడ్డీ ఏడాదికి 4,600 చిల్లర. తాళం లేక ఒక్క రోజు ఆగితే లక్ష రూపాయల బాక్సులకు ఇన్‌వాయిసు పడదు. తాళాలు ఒక్క బీరువాలో పడతాయి, తేమకు చెడవు, డిజైను ఏళ్ళ తరబడి మారదు. అట్టపెట్టెకు ఉన్న ఇబ్బందులేవీ దీనికి లేవు. యజమాని లెక్క చూసి మళ్ళీ మాట్లాడలేదు.

రెండో సరఫరాదారుని కూడా చూసుకున్నాం. మొదట దొరికినతను మంచివాడే, కానీ ఆరా తీస్తే అతని తాళాలకూ పాత సరఫరాదారు తాళాలకూ జింకు పూత వేసేది ఒకే షాపు. ఆ షాపు మూతపడితే ఇద్దరూ ఒకే రోజు చేతులెత్తేస్తారు. పూత వేరేచోట వేయించుకునేవాణ్ణి వెతకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. బిల్లు మీద పేరు వేరు కాగానే సరఫరా వేరైందనుకోకూడదు. మీ సరఫరాదారు ఎవరి దగ్గర కొంటాడో తప్పకుండా అడగండి.

డబ్బు సంగతి ఒకటుంది. రోజు విడిచి రోజు సరుకు తెచ్చేవాడికి బిల్లు నెలల తరబడి ఆపితే, మూడో నెల నుంచి ఆటో రావడం తగ్గుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. అట్టపెట్టెల వాళ్ళకు మేము పదిహేను రోజులకే ఇస్తాం. స్టోర్లో నిలువ తగ్గించి మిగిల్చిన డబ్బు అటు వెళ్ళడం న్యాయమే.

పద్ధతి చెడిపోతున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందని సంఘం కార్యదర్శి నిన్న అడిగారు. నేను చూసేది రెండు చోట్ల. గోడ మీది డబ్బాలో మూడు రోజులు దాటిన కార్డు ఉందా అన్నది ఒకటి. రవాణా బిల్లుల్లో ఆర్టీసీ కార్గో, కొరియర్ చీటీలు పెరుగుతున్నాయా అన్నది రెండోది. అత్యవసరంగా తెప్పించిన ప్రతి పార్శిలూ ఆ వస్తువుకు కార్డులు చాలడం లేదని చెబుతుంది. అప్పుడు ఒక కట్ట పెంచాలి, లేదా దాన్ని తాళాల బీరువాలోకి మార్చాలి.

మొదలుపెట్టేవాళ్ళు దగ్గర్లో దొరికేది, చోటు ఎక్కువ తినేది, సరఫరాదారుకి మన వ్యాపారం ముఖ్యమైనది, అలాంటి వస్తువు ఒక్కటే తీసుకోండి. ఒక వానాకాలం గడిచేదాకా రెండో వస్తువు జోలికి వెళ్ళకండి. ఇరవై లోడ్ల తేదీలు రాసుకోవడానికి కంప్యూటరు కూడా అక్కరలేదు, గేటు రిజిస్టరు, ఆర్డర్ల ఫైలు చాలు. లెక్క వేయడంలో సందేహం వస్తే మధ్యాహ్న భోజనాల దగ్గర ఉంటాను, అడగండి.