నీడ కనిపించింది, రోగం ఇంకా తేలలేదు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న డాక్టర్లకు, నర్సులకు, రేడియోగ్రఫీ సాంకేతిక నిపుణులకు అభినందనలు.

రేపటి నుంచి మీలో కొందరు ఎక్స్‌రేలు తీస్తారు, కొందరు వాటికి రిపోర్టులు రాస్తారు, కొందరు ఆ రిపోర్టు చూసి మందులు రాస్తారు. ఆ కాగితం మీ చేయి దాటాక ఏమవుతుందో ఒక మనిషి విషయంగా చెబుతాను. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, సిరొంచ నుంచి ఉత్తరాన అడవి మధ్య ఏటపల్లి తాలూకా ఉంది. అక్కడ ఇళ్లలో మాడియా, గోండి, తెలుగు వినిపిస్తాయి. బజారులో మరాఠీ నడుస్తుంది. ఎక్స్‌రే రిపోర్టు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నేను చెప్పబోయే తాత తెలుగు మాట్లాడే మనిషి, వయసు అరవై దాటింది. ఆయన పేరు, ఊరు చెప్పను. రోగి రహస్యం కాపాడతామని మనం చేసే ప్రమాణం వేదికల మీద కూడా వర్తిస్తుంది.

ఊరికి వచ్చిన శిబిరంలో, చేత్తో మోసుకెళ్లగలిగే చిన్న ఎక్స్‌రే యంత్రంతో ఆయన ఛాతీ ఫోటో తీశారు. ఆయనకు దగ్గు ఉంది కానీ దాన్ని రోగంగా లెక్కపెట్టలేదు. చుట్ట తాగేవాళ్లకు దగ్గు మామూలే అనుకున్నాడు. ఇలాంటివాళ్ల కోసమే శిబిరాల్లో ఎక్స్‌రే పెడతారు. 2019–21లో మన దేశంలో జరిగిన జాతీయ క్షయ సర్వేలో దొరికిన కేసుల్లో 42.6 శాతం, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవి కావు. మనిషి దగ్గును దాచడు, కానీ పట్టించుకోడు. ఎక్స్‌రే ఆ లోటు పూడుస్తుంది.

రిపోర్టులో ఉన్నది రెండే వాక్యాలు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ ఉంది, క్షయ అయి ఉండవచ్చు. కఫం పరీక్ష చేయించాలి. రాసినవాళ్లు తప్పేమీ రాయలేదు. అయితే శిబిరంలో ఎవరో ఆ కాగితం చూసి తాతతో "ఊపిరితిత్తుల మచ్చ ఉన్నది" అన్నారు. ఆయన ఇంటికి వెళ్లి తన కంచం, చెంబు వేరు చేసుకున్నాడు. మనవళ్లను దగ్గరికి రానివ్వలేదు. కఫం డబ్బా ఇస్తే దాన్ని చూరులో పెట్టేశాడు.

మూడో రోజు ఆ ఊరి ఆశా కార్యకర్త వెళ్లింది. ఫిల్మ్ తీసుకుని తాతను వాకిట్లోకి పిలిచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. "తాతా, ఇది నీ ఎదురుంగ నిలబడ్డ మనిషనుకో. అందుకే నీ కుడి పక్క ఇందుల ఎడమకు కనవడ్తది," అని ఆయన కుడి రొమ్ము మీద చేయి పెట్టి చూపించింది. "నల్లగున్నదంతా గాలి. తెల్లగున్నయి బొక్కలు. నడిమిట్ల ఈ తెల్లటిది గుండె. ఇగో, ఈ పైన గాలి ఉండవల్సిన కాడ తెల్లగ కమ్మింది. గదే వాళ్లు రాసింది."

"అయితే రోగమేనా బిడ్డా?"

"దూరంగ అడవిల పొగ లేస్తది గద తాతా. అది పోడు మంటనో, ఎవలన్న వండుకుంటున్నరో, మొన్న ఆరిపోయిన మంట పొగనో, ఇక్కడ నిలబడి చెప్పగలవా? పోయి చూడాలె. ఈ ఫోటో పొగను చూపిచ్చింది. కఫం పరీక్ష పోయి చూసొస్తది."

ఆ మాటలో మీరు పుస్తకాల్లో చదివిన శాస్త్రమంతా ఉంది. ఊపిరితిత్తి పైభాగంలో నీడ బతికి ఉన్న క్షయ వల్ల రావచ్చు. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ కావచ్చు. న్యుమోనియా కావచ్చు. పొగ తాగే పెద్దవయసు మనిషిలో కేన్సర్ కూడా కావచ్చు. ఎక్స్‌రేకు నీడ సాంద్రత తెలుస్తుంది గాని అందులో బతికి ఉన్న సూక్ష్మజీవి ఉందో లేదో తెలియదు. అందుకే ఆమె "ఏమీ కాదులే" అని అబద్ధపు ధైర్యం చెప్పలేదు. "క్షయే" అని తీర్పూ ఇవ్వలేదు.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నను మీరు రాసిపెట్టుకోండి. "అర్థమైందా?" అని ఆమె అడగలేదు. ఆ ప్రశ్నకు ఏ పెద్దమనిషీ కాలేదని చెప్పడు. "ఇప్పుడు లోపలికి పోయి అవ్వకు ఏమని చెప్తవ్ తాతా?" అంది.

"కుడి పక్క ఖరాబైంది, ఇగ ఎక్కువ రోజులుండ అని చెప్త."

ఆమె నొచ్చుకోలేదు. మళ్లీ ఫిల్మ్ ఎత్తి మొదటి నుంచి చెప్పింది, ఈసారి తక్కువ మాటల్లో. మళ్లీ అదే ప్రశ్న వేసింది. తాత కాసేపు ఆలోచించి, "పొగ కనవడ్డది. మంట ఉన్నదో లేదో ఎవలకు తెల్వది. పొద్దుగాల కఫం ఇయ్యాలె," అన్నాడు. అప్పుడు ఆమె లేచింది. రోగి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా మనం చెప్పిన పని పూర్తి కాలేదు.

కథ ఇక్కడ సాఫీగా సాగలేదు. ఆమె చెప్పిన పొద్దుటిదాకా ఆగకుండా, తాత ఆ మధ్యాహ్నమే అటు వెళ్తున్న మనిషి చేత డబ్బా పంపించేశాడు. ఫలితంలో క్షయ క్రిమి కనిపించలేదని వచ్చింది. ఇంట్లో సంతోషపడ్డారు. ఆశా కార్యకర్త సంతోషపడలేదు, ఒక్క మాట అడిగింది. "డబ్బాల వేసింది ఎట్లుండె తాతా?" "నీళ్ల లెక్క ఉండె బిడ్డా." అంటే పరీక్షకు వెళ్లింది కఫం కాదు, ఉమ్మి. ఉమ్మిలో క్రిమి దొరక్కపోతే ఊపిరితిత్తిలో లేదని కాదు.

ఈసారి ముందురోజు సాయంత్రమే వెళ్లి చెప్పింది. పొద్దున లేవగానే, ఏమీ తినకముందే, నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఇంటి బయట గాలి ఆడేచోట నిలబడి రెండు మూడు సార్లు నిండుగా ఊపిరి తీసుకోవాలి. గొంతు నుంచి కాకుండా ఛాతీ లోపల నుంచి దగ్గి తీయాలి. చిక్కగా రావాలి, ఒక చిన్న చెంచాడు ఉంటే చాలు. మూత బిగించాలి. ఆ కఫాన్ని ట్రూనాట్ యంత్రంలో పరీక్షించారు. అది క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. దొరికితే, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు ఆ క్రిమి లొంగుతుందో లేదో మరో చిప్ మీద చూస్తారు. తాత కఫంలో క్షయ ఉంది, రిఫాంపిసిన్‌కు లొంగే రకం. ఆమె దాన్ని తాతకు రెండు ముక్కల్లో చెప్పింది. "మంట ఉన్నది. మామూలు మందుకు ఆరే మంటనే."

రెండో కఫం కూడా నెగెటివ్ వచ్చి ఉంటే కథ ముగిసేది కాదు. నీడ, దగ్గు, తగ్గిన బరువు అన్నీ కలిపి చూసి డాక్టరు తేల్చాలి. అవసరమైతే పై ఆసుపత్రికి పంపి కేన్సర్ సంగతీ చూడాలి. ఒక నెగెటివ్ కాగితం ఎక్స్‌రేలోని నీడను చెరిపేయదు.

తాత బరువు 41 కిలోలు. ఆ బరువుకు నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు మూడు, రెండు నెలలు. తర్వాత మూడు మందుల మాత్రలు నాలుగు నెలలు. మూత్రం ఎర్రగా వస్తుందని, అది మందు రంగేనని ఆమె ముందే చెప్పింది. చెప్పకపోతే రక్తం పోతోందనుకుని చాలామంది రెండో రోజే మాత్రలు ఆపేస్తారు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, ఆగకుండా వాంతులైనా అదే రోజు కబురు పెట్టమంది. ఆయన వేరు చేసుకున్న కంచాన్ని మళ్లీ ఇంటి కంచాల్లో కలిపించింది. ఈ రోగం గిన్నెల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరల వల్ల వస్తుంది. అందుకని దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకోమంది, మొదటి కొన్ని వారాలు వసారాలో పడుకోమంది. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పరీక్షలు చేయించింది.

ఆరు నెలల తర్వాత కఫంలో క్రిమి లేదు. బరువు పెరిగింది. కానీ అప్పుడు తీసిన ఎక్స్‌రేలో కుడిపైన తెల్లని గీతలు అలాగే ఉన్నాయి. తాత మళ్లీ భయపడ్డాడు. లోపలి పుండు మానినా దాని గుర్తు చాలామందిలో జీవితాంతం ఫోటోలో కనిపిస్తుందని ఆమె రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూపించింది. చికిత్స పూర్తయిన కాగితాన్ని, రెండు ఫిల్ములను ఒకే సంచిలో పెట్టించి, "ఎప్పుడన్న ఏ ఊర్ల ఫోటో తీసినా ముందుగాల ఈ సంచి చూపియ్యి తాతా," అంది. ఆ సంచి లేకపోతే, ఐదేళ్ల తర్వాత ఎక్కడో ఒక డాక్టరు ఆ మచ్చను కొత్త క్షయ అనుకుని మళ్లీ ఆరు నెలల మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

ఒక ఊరి మనిషి ఇంత కచ్చితంగా పనిచేయగలదా అని మీకు సందేహం రావచ్చు. గడ్చిరోలి ఆ సందేహానికి ఎప్పుడో సమాధానం చెప్పింది. ఇదే జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన సెర్చ్ సంస్థ, పిల్లల న్యుమోనియాను గుర్తించి మందు ఇవ్వడం ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు నేర్పింది. ఆ ఊళ్లలో న్యుమోనియాతో పోయే పిల్లల సంఖ్య తగ్గింది. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పెద్ద అంకెలు లెక్కపెట్టలేని మంత్రసానుల కోసం వాళ్లు ఒక పరికరం చేశారు. ఒక నిమిషం ఇసుక గడియారం, దాని పక్కన పూసలు. బిడ్డ పది ఊపిర్లు తీసుకున్న ప్రతిసారీ ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎన్ని పూసలు జరిగాయో చూస్తే ఊపిరి వేగం తెలుస్తుంది. అక్కడ శాస్త్రాన్ని పలచన చేయలేదు, చేతికి అందేలా చేశారు. తాత వాకిట్లో ఆశా కార్యకర్త చేసిందీ అదే.

మిమ్మల్ని నేను కోరేది కూడా అంతే చేతికి అందేది. మీరు రాసే ప్రతి ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు కింద, రోగి భాషలో మూడు వాక్యాలు రాయండి. ఏమి కనిపించింది, ఇంకా ఏమి తేలలేదు, రేపు ఏమి చేయాలి. ఇంగ్లీషు రిపోర్టు డాక్టరుకు, ఈ మూడు వాక్యాలు రోగికి, ఆయన ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకు. మొదటి వాక్యం ఒక్కటే చేరితే తాతలా మనిషి కంచం వేరు చేసుకుంటాడు. మూడో వాక్యం ఒక్కటే చేరితే డబ్బా చూరులోకి వెళ్తుంది. అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది రెండోది, ఎందుకంటే తేలలేదని రాయడానికి మనకు చేయి రాదు. తేలనిది తేలలేదని రాయడం చదువుకున్నవాడి బాధ్యత. ఆ వాక్యం రాసి, రోగి ఇంట్లోవాళ్లకు ఏమని చెబుతాడో ఆయన్నే అడిగి విని, ఆ తర్వాతే తర్వాతి ఫిల్మ్ అందుకోండి.