కొక్కేలకు వేలాడే కత్తెర్లు: ఏది దేనికి?

మా సంఘం ఈ ఏడు చేసిన ఒక తప్పు గురించి, దాని వల్ల నేర్చుకున్న దాని గురించి నాలుగు మాటలు చెబుతాము.

మా సభ్యుల జామతోటల్లో కొమ్మలు కత్తిరించడానికి పనిముట్లు కొని, అద్దెకు ఇద్దామని తీర్మానం రాసుకున్నాం. దుకాణం వాళ్లు ఫోనుకు ఒక ఫొటో పంపారు. గోడకు వరసగా కొక్కేలు, వాటికి వేలాడుతున్న పనిముట్లు. పేర్లు లేవు, కొలతలు లేవు. పొడుగు పిడులు ఉన్నది చూసి, ఇదే పెద్ద కొమ్మల కత్తెర అనుకొని ఆరు తెప్పించాం. తీరా వచ్చినవి కంచె మొక్కలు కత్తిరించేవి. బొటనవేలంత లావు జామకొమ్మకు పెట్టి నొక్కితే రెండు రేకులూ పక్కకు విడిపోయాయి. కొమ్మ తెగలేదు, నలిగి బెరడు చీలింది. రెండు కత్తెర్లకు నడిమి బోల్టు కూడా వదులైపోయింది.

తరవాత అదే ఫొటో ముందు పెట్టుకొని, తోటపని తెలిసిన ఒక అన్న దగ్గర కూర్చొని నేర్చుకున్నాం. ఫొటోలో వస్తువు ఎంత పెద్దదో తెలియదు. కెమెరా దగ్గరగా ఉంటే చిన్నది కూడా పెద్దగా కనపడుతుంది. అందుకని సైజు చూడకూడదు, ఒకే వస్తువులో రేకు ఎంత, పిడి ఎంత అని పోల్చి చూడాలి. మేము మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం.

మొదటిది, పళ్లు ఉన్నాయా? ఒకటే పిడి, ఒకటే రేకు, అంచున పళ్లు ఉంటే అది కొమ్మల రంపం. చాలావాటికి రేకు కొడవలిలా కాస్త వంగి ఉంటుంది. అది మన వైపు లాగినప్పుడు కోస్తుంది.

రెండోది, రేకు పొడుగ్గా ఉందా, పొట్టిగా ఉందా? రెండు రేకులూ తిన్నగా, సన్నగా, దాదాపు పిడులంత పొడుగు ఉంటే అది కంచె కత్తెర, హెడ్జ్ షియర్ అంటారు. గోరింట కంచెలాంటి వాటి లేత చిగుళ్లను ఒక్కసారి చాలా కత్తిరించడానికే అది. మేము పొరపాటున తెప్పించింది ఇదే.

మూడోది, రేకు పొట్టిగా, చిలక ముక్కులా వంగి ఉంటే పిడి చూడాలి. పిడి గుప్పిట్లో పట్టేంతే ఉండి, రెండు పిడుల మధ్య స్ప్రింగు కనపడితే అది సికేచర్. ఒంటిచేత్తో వాడేది. అదే ముక్కుకు, రేకుకు నాలుగైదు రెట్లు పొడవైన పిడులు రెండు ఉంటే అది లాపర్. రెండు చేతులతో వాడాలి. మేము కొనాల్సింది అదీ.

ఇందులో కూడా మోసపోయే చోట్లు రెండున్నాయి. మడత రంపం మూసి వేలాడదీస్తే పళ్లు పిడిలోకి పోతాయి, ఉత్త పిడే కనపడుతుంది. సికేచర్ను గడియ వేసి మూస్తే స్ప్రింగు అణిగిపోయి సరిగా తెలియదు. అనుమానం ఉంటే తెరిచి, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో పంపమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. మేము మొహమాటపడే నష్టపోయాం.

ఇప్పుడు మా లెక్క ఇలా ఉంది. చిటికెనవేలు లావు నుంచి చూపుడువేలు లావు దాకా సికేచర్. అక్కడి నుంచి మూడు, నాలుగు సెంటీమీటర్ల దాకా లాపర్. అంతకు మించితే రంపం. బలమంతా పెట్టి నొక్కాల్సి వస్తోందంటే, కొమ్మ లావు ఆ పనిముట్టుకు మించిందని అర్థం. మెలితిప్పొద్దు, పెద్దది అందుకోండి. రంపంతో కోసేటప్పుడు ముందు కింద నుంచి కొంచెం గాటు పెట్టి, దానికి కాస్త బయటగా పైనుంచి కోయాలి. లేకపోతే కొమ్మ బరువుకు బెరడు మాను దాకా చీలుకొస్తుంది. మిగిలిన మోడును తరవాత నున్నగా కోసుకోవచ్చు.

దుకాణం వాళ్లు నాలుగు కత్తెర్లు వెనక్కి తీసుకొని లాపర్లు ఇచ్చారు. వాడి పాడుచేసిన రెండూ మా మీదే పడ్డాయి. బోల్టు బిగించి బడి కంచెకు వాడుతున్నాం. ఇప్పుడు మా కేంద్రంలో ప్రతి కొక్కెం కింద గోడ మీద ఆ పనిముట్టు బొమ్మ గీసి, అది కోసే లావు ఎంతో ఒక గుండ్రటి సున్నా పెట్టాం. చదువు రాని అక్క కూడా కొమ్మను ఆ సున్నాకు ఆనించి చూసి, తనకు కావలసింది తీసుకెళ్తోంది.