గడువు విధి, మాఫీ ఔదార్యం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహాబాలపైనా శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.



ఒక పల్లెవాసి దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి ఇస్లాం విధులను గురించి అడిగాడు. ఐదు పూటల నమాజు, రమజాన్ ఉపవాసాలు, జకాత్ అని ఆయన ఒక్కొక్కటిగా తెలిపారు. ఇంతకు మించి తనపై ఏదైనా ఉందా అని అతడు ప్రతిసారీ అడిగాడు. లేదని, స్వచ్ఛందంగా చేస్తే అది వేరని ప్రవక్త సెలవిచ్చారు. వీటికి దేన్నీ కలపను, వీటిలో దేన్నీ తగ్గించనని చెప్పి అతడు వెళ్ళిపోయాడు. మాట నిలుపుకుంటే అతడు సాఫల్యం పొందినట్లేనని ప్రవక్త అన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసును బట్టి, విధిని మించిన మంచి ఒకటున్నదనీ, దానిని చేయనివాడు పాపి కాడనీ తెలుస్తున్నది.

మన పత్తర్‌గట్టి బజారునే చూడండి. ఒక దుకాణదారుడు తోపుబండి వ్యాపారికి 40,000 రూపాయల బట్ట ఉద్దెర ఇచ్చాడనుకుందాం. ఆ వ్యాపారం మునిగిపోయింది. తిండికి, అద్దెకు పోగా అతని వద్ద ఏమీ మిగలడం లేదు. అల్ బఖరా సూరా 280వ ఆయత్ ఇక్కడ రెండు మాటలు చెబుతున్నది. వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలి, ఇది విధి. మాఫీ చేస్తే అది మీకే మరింత మేలు. ఇది విధి కాదు.

ఇక్కడ ఫుఖహా ఒక ప్రశ్న వేశారు. సాధారణంగా ఫర్జ్ నఫిల్ కంటే గొప్పది. మరి ఇక్కడ నఫిల్ మేలెలా అయింది? మాఫీలో గడువు కూడా ఇమిడి ఉన్నదన్నది ఒక జవాబు. బాకీదారుని భారం తగ్గించడమే గడువు ఉద్దేశం. మాఫీ ఆ ఉద్దేశాన్ని సంపూర్ణం చేస్తుంది. ఈ నఫిల్ విధిని తొలగించి దాని చోట కూర్చోలేదు, విధిపైనే నిలిచింది.

కనుక విధిని మింగే ఔదార్యం ఔదార్యం కాదు. పనివాని కూలి బాకీపెట్టి ఇతరుల అప్పు మాఫీ చేసేవాడు ముందు కూలి చెల్లించాలి. అన్నదమ్ముల ఉమ్మడి దుకాణంలో తమ్ముని వాటాను అతని సమ్మతి లేకుండా వదులుకునే హక్కు అన్నకు లేదు. మాఫీ చేసిన 40,000ను తన తక్కిన సొమ్ముపై జకాత్‌గా లెక్కగట్టడం హనఫీ ఫిఖ్‌హ్‌లో చెల్లదు. మాఫీ చేసి పదిమందిలో ఎత్తిపొడిస్తే ఆ పుణ్యమే నశిస్తుంది.

బాకీదారులారా, మీకూ ఒక మాట. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదె నబవీలో ఇబ్ను అబీ హద్రద్ (రజి)ను బాకీ అడుగుతుండగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (సల్లం) తమ గది తెర తొలగించి, సగం వదులుకొమ్మని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అంతట ప్రవక్త రెండవ వారితో, లేచి మిగతాది చెల్లించమన్నారు. సగం మాఫీ కఅబ్ ఔదార్యం. మిగతా సగం బాకీదారుని విధి. చెల్లించగల స్తోమత ఉండీ జాప్యం చేయడాన్ని ప్రవక్త జుల్మ్ అన్నారు. మాఫీని ఆశించవచ్చు గానీ, హక్కుగా అడగరాదు.

అల్లాహ్ మనకు విధిని నెరవేర్చే శక్తినీ, దానిని మించి ఇచ్చే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.