హోటల్ మీద టూరిజం శాఖకు ఫిర్యాదు వెళ్తే జవాబు ఎలా రాయాలి? ఒక రాత్రి, నిమిషాల లెక్క

పోయిన ఎపిసోడ్‌లో షిఫ్ట్ హ్యాండోవర్ గురించి మాట్లాడుకున్నాం. దాని కింద ఒక హోటల్ మేనేజర్ గారు ఇలా అడిగారు: "సార్, మా గెస్ట్ ఒకరు నేరుగా టూరిజం ఆఫీసుకి కంప్లయింట్ పెట్టారు. సంజాయిషీ ఇవ్వమని లెటర్ వచ్చింది. ఏం రాయాలి?" దానికి సమాధానంగా నేను స్వయంగా రాసిన ఒక జవాబు కథ చెప్తాను. విశాఖలో నేను ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌గా పనిచేసిన ఒక హోటల్‌లో జరిగింది. హోటల్ పేరు, మనుషుల పేర్లు చెప్పను. అవి మనకు అవసరం లేదు కూడా.

ముందు ఫిర్యాదు ఏమిటో చూద్దాం. ఒక కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. ఫోన్లో రూమ్ బుక్ చేసుకుని, ఒక రాత్రికి 3,200 రూపాయలు ముందే పంపించారు. రైలు ఆలస్యమై అర్ధరాత్రి దాటాక వచ్చారు. రూమ్ లేదన్నారు. వేరే హోటల్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఆయన రాసిన ఆరోపణలు ఐదు. ఒకటి, ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పినా రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేశారు. రెండు, ఇచ్చేముందు మాకు ఫోన్ చెయ్యలేదు. మూడు, రెండు గంటలు లాబీలో కూర్చోబెట్టారు. నాలుగు, రిసెప్షన్ అబ్బాయి అమర్యాదగా మాట్లాడాడు. ఐదు, డబ్బు తిరిగి ఇవ్వలేదు.

లెటర్ మా చేతికి వచ్చేసరికి ఆ రాత్రి జరిగి 19 రోజులైంది. ఆరోజే మా దగ్గర ఒక జవాబు తయారైపోయింది. "గెస్ట్ ఆలస్యంగా వస్తున్నట్టు తెలియజేయలేదు. నిబంధనల ప్రకారం నో-షోగా నమోదు చేశాం. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." మూడు వాక్యాలు. దీనితో పాటు ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయిని తీసేశామని ఒక ముక్క చేర్చమన్నారు పైవాళ్లు. అలా రాస్తే ఆఫీసువాళ్లు శాంతిస్తారని వాళ్ల లెక్క.

ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. నా దగ్గరికొచ్చి ఒక్కటే మాట అన్నాడు: "సార్, వాళ్లు ఫోన్ చేసినట్టు నాకెవరూ చెప్పలేదు." చెప్పలేదు అన్నాడు గానీ, వాళ్లు చెయ్యలేదు అనలేదు. అక్కడ నాకు అనుమానం వచ్చింది. రెండు రోజులు గడువు అడిగాను.

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. రాయడం కాదు, ఏరడం. అన్నింటికంటే ముందు చెయ్యాల్సింది కెమెరా రికార్డింగ్ విడిగా కాపీ చేసి పెట్టుకోవడం. మా మెషిన్‌లో 30 రోజులకు పాతది చెరిగిపోయి, దాని మీద కొత్తది పడుతుంది. కొన్ని హోటళ్లలో 15 రోజులే ఉంటుంది. అంటే అదే ఫిర్యాదు ఇంకో పన్నెండు రోజులు ఆలస్యమై ఉంటే ఆ రాత్రి ఏం జరిగిందో చూపించే బొమ్మ ఉండేది కాదు. లెటర్ వచ్చిన గంటలో కాపీ తియ్యండి, జవాబు తర్వాత.

తర్వాత నాలుగు చోట్ల వెతికాను. హోటల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బుకింగ్ హిస్టరీ, అంటే ఎవరి లాగిన్‌తో ఏ నిమిషంలో ఏం మార్చారో. రిసెప్షన్ సెల్‌ఫోన్ కాల్ లిస్టు. తాళం కార్డు ఎప్పుడు తయారైందో చూపించే రికార్డు. డ్యూటీ మేనేజర్ లాగ్‌బుక్.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. ఈ నాలుగింటిలో గడియారాలు ఒకేలా ఉండవు! సెల్‌ఫోన్ టైము నెట్‌వర్క్ నుంచి వస్తుంది, కాబట్టి దాన్ని నమ్మొచ్చు. కెమెరా మెషిన్ టైము ఎప్పుడో ఎవరో చేత్తో పెట్టింది. ఫోన్ పక్కన పెట్టి చూస్తే మా కెమెరా 7 నిమిషాలు ముందుంది. సాఫ్ట్‌వేర్ టైము ఫోన్‌తో సరిపోయింది. ఈ తేడా సరిచెయ్యకుండా వరుస రాస్తే, గెస్ట్ ఫోన్లో ఉన్న కాల్ టైముకి, మన కాగితానికి పొంతన ఉండదు. అక్కడితో మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది.

సరిచేశాక వచ్చిన వరుస ఇది:

రాత్రి 9:52 – గెస్ట్ నంబర్ నుంచి రిసెప్షన్ సెల్‌కి కాల్, 2 నిమిషాలు. (కాల్ లిస్టు)
రాత్రి 11:00 – షిఫ్ట్ మార్పు. హ్యాండోవర్ పుస్తకంలో ఆ కాల్ ప్రస్తావన లేదు. (పుస్తకం)
రాత్రి 12:11 – రిసెప్షన్ నుంచి గెస్ట్‌కి ఒక కాల్, కలవలేదు. (కాల్ లిస్టు)
రాత్రి 12:20 – బుకింగ్ నో-షోగా మార్చారు. (సాఫ్ట్‌వేర్)
రాత్రి 12:34 – నేరుగా వచ్చిన మరో గెస్ట్‌కి అదే రూమ్. తాళం కార్డు 12:36. (సాఫ్ట్‌వేర్, తాళం రికార్డు)
రాత్రి 1:08 – కుటుంబం లాబీలోకి వచ్చారు. (కెమెరా, సరిచేసిన టైము)
రాత్రి 1:20 – రిసెప్షన్ నుంచి డ్యూటీ మేనేజర్‌కి ఫోన్. (కాల్ లిస్టు)
రాత్రి 1:50 – వేరే హోటల్‌లో రూమ్ ఖాయం. (లాగ్‌బుక్)
రాత్రి 2:01 – కుటుంబం కారులో బయల్దేరారు. (కెమెరా, సరిచేసిన టైము)

చూశారుగా, మొదటి లైన్‌తోనే మన మూడు వాక్యాల జవాబు కూలిపోయింది. గెస్ట్ ఫోన్ చేశారు. సాయంత్రం షిఫ్ట్‌లో ఉన్నాయన ఎత్తారు, "సరే సార్ రండి" అన్నారు, సాఫ్ట్‌వేర్‌లో రాయలేదు, పుస్తకంలో రాయలేదు, ఇంటికెళ్లిపోయారు. అడిగితే ఒప్పుకున్నారు. ఆ కాల్ లిస్టు ఆ ఫోన్లోనే 19 రోజులుగా ఉంది. ఎవరూ తెరిచి చూడలేదంతే!

జవాబు ఎలా రాశామంటే, పైన ఆఫీసువారి లెటర్ నంబరు, తేదీ, బుకింగ్ నంబరు. మొదటి పేరాలోనే తప్పు ఒప్పుకున్నాం. ఆ వాక్యం ఇది: "గెస్ట్ తన ఆలస్యం గురించి రాత్రి 9:52కి మాకు తెలియజేశారు. ఆ సమాచారం మా సిబ్బంది నమోదు చేయకపోవడం వల్ల వారి రూమ్ వేరొకరికి ఇవ్వబడింది. ఇది మా హోటల్ లోపం." దీని తర్వాత నేను ఇందాక చదివిన వరుస. ప్రతి లైన్ పక్కన అది ఎక్కడి నుంచి తీసుకున్నామో. కెమెరా టైము 7 నిమిషాలు సరిచేశామని కింద ఒక మాట.

ఆ తర్వాత ఆరోపణలకి ఒక్కొక్కదానికీ, ఆయన రాసిన వరుసలోనే సమాధానం. ఇక్కడ మూడు విషయాలు జాగ్రత్తగా రాయాల్సి వచ్చింది.

మొదటిది "మాకు ఫోన్ చెయ్యలేదు" అన్నది. మా అబ్బాయి చేశానన్నాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారని అనిపిస్తుంది. కానీ ఇద్దరూ చెప్పింది నిజమే. 12:11కి చేశాడు, ఆయన రైల్లో ఉన్నారు, కలవలేదు. అందుకని "ఒకసారి ప్రయత్నించాం, కలవలేదు. మళ్లీ ప్రయత్నించకుండా తొమ్మిది నిమిషాల్లో నో-షోగా మార్చాం" అని రాశాం. డబ్బు ముందే కట్టిన గెస్ట్ విషయంలో ఒక్క కాల్ సరిపోదు. అది కూడా ఒప్పుకోవాల్సిందే.

రెండోది "రెండు గంటలు" అన్నది. కెమెరా ప్రకారం 53 నిమిషాలు. మా పైవాళ్లకి ఈ అంకె చాలా నచ్చింది. "గెస్ట్ అసత్యం చెప్తున్నారు" అని రాయమన్నారు. నేను వద్దన్నాను. అర్ధరాత్రి, నిద్రపోతున్న పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న మనిషికి 53 నిమిషాలు రెండు గంటల్లాగే ఉంటాయి. అలాగని అంకె దాచకూడదు కూడా. "మా కెమెరా ప్రకారం 1:08 నుంచి 2:01 వరకు వేచి ఉన్నారు. ఇందులో మొదటి 12 నిమిషాలు డ్యూటీ మేనేజర్‌కి తెలియజేయడంలోనే పోయాయి" అని రాశాం. ఆయన్ని తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. చదివే అధికారికి తేడా దానంతటదే కనిపిస్తుంది.

మూడోది అమర్యాద. కెమెరాలో మాట వినపడదు. ఫిర్యాదులో ఆయన రాసిన మాట: "మీరు రారనుకున్నాం, ఇప్పుడేం చెయ్యమంటారు?" అబ్బాయిని అడిగితే, "అన్నాను సార్, కోపంతో కాదు, నిజంగా ఏం చెయ్యాలో తెలియక అడిగాను" అన్నాడు. అదే రాశాం. ఆ మాట అన్నట్టు సిబ్బంది ఒప్పుకున్నారు, ఏ స్వరంతో అన్నారో చెప్పే రికార్డు మా దగ్గర లేదు. తెలియనిది తెలియదని రాస్తే, తెలుసన్నవాటిని నమ్ముతారు.

ఇక డబ్బు. ఆయన మాకు 3,200 కట్టారు. రెండో హోటల్‌లో 4,100 అయింది, కారుకి 250. మొత్తం 7,550. మా దగ్గర రూమ్ దొరికి ఉంటే ఆయనకి అయ్యే ఖర్చు 3,200. కాబట్టి ఇవ్వాల్సింది 4,350. హోటల్ వ్యాపారంలో గెస్ట్‌ని వేరే హోటల్‌కి పంపినప్పుడు ఆ అదనపు ఖర్చు, దారి ఖర్చు పంపినవాళ్లే పెట్టుకోవడం మర్యాద. జవాబు పంపకముందే ఆ డబ్బు ఆయన ఖాతాలో వేసి, బ్యాంకు ఇచ్చిన లావాదేవీ నంబరు జవాబులో రాశాం. "తిరిగి ఇస్తాం" అన్నదానికీ, "ఫలానా తేదీన ఇచ్చాం" అన్నదానికీ చాలా తేడా ఉంది.

జతపరిచిన కాగితాల్లో ఒక జాగ్రత్త. ఆ రూమ్ తీసుకున్న రెండో గెస్ట్ పేరు, ఫోన్ నంబరు నల్లగా కొట్టేసి ఇచ్చాం. ఆయనకీ ఈ గొడవకీ సంబంధం లేదు కదా.

ఇదంతా ఎందుకు, మూడు వాక్యాలతో సరిపెట్టొచ్చు కదా అంటారేమో. టూరిజం ఆఫీసుకి ఇచ్చిన జవాబు అక్కడితో ఆగకపోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం గెస్ట్‌కి కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అక్కడ మన జవాబే ఒక కాగితంగా ఆయన పెట్టొచ్చు. పక్కనే తన ఫోన్లో 9:52 కాల్ చూపిస్తారు. "తెలియజేయలేదు" అని మన లెటర్‌హెడ్ మీద, మన సంతకంతో ఉంటే ఇంక మనం చెప్పుకునేదేముంది?

చివరికి ఏమైందంటే, జవాబు కాపీ గెస్ట్‌కి కూడా పంపాం. డబ్బు అందిందని ఆయన ఆఫీసుకి రాశారు, ఫైలు మూసేశారు. మా హోటల్‌కి మళ్లీ వస్తానని మాత్రం రాయలేదు, అది ఆయన ఇష్టం. రాత్రి షిఫ్ట్ అబ్బాయి ఉద్యోగం నిలబడింది. కాల్ రాయని సీనియర్‌కి మెమో ఇచ్చారు. రూల్స్ రెండు మారాయి. ఆలస్యమవుతుందని ఫోన్ వస్తే, ఫోన్ పెట్టకముందే సాఫ్ట్‌వేర్‌లో రాయాలి. డబ్బు కట్టిన బుకింగ్‌ని రాత్రిపూట నో-షో చెయ్యాలంటే డ్యూటీ మేనేజర్ అనుమతి కావాలి.

అడిగిన మేనేజర్ గారూ, మీ లెటర్‌కి జవాబు రాయడం ఇంకా మొదలుపెట్టకపోతే, ముందు రిసెప్షన్ ఫోన్ తెరిచి ఆ రోజు కాల్ లిస్టు చూడండి.