నల్లని బిడ్డలో కామెర్లు ఎక్కడ చూడల్ల?

(సోమందేపల్లె మండలం తండాల ఆశా అక్కలతో, తల్లులతో పంచుకున్న మాటలు)



కాన్పయిన మూడో రోజు మీరు బిడ్డను చూడ్డానికి ఇంటికి పోతారు. తెల్లని బిడ్డయితే ముఖం చూడగానే పసుపు తెలిసిపోతుంది. మన తండా బిడ్డ చామనఛాయ, లేదంటే నలుపు. అప్పుడెట్లా?

కామెర్లలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో పెరిగి చర్మంలోకి చేరుతుంది. దానిపైన ఉండే మెలనిన్ రంగు మనకు ఎక్కువ. అందుకే లోపల పసుపున్నా పైకి కనపడదు. దద్దుర్లు, కమిలిన దెబ్బలు కూడా ఇంతే. పుస్తకంలో ఎర్రగా ఉంటాయని రాసుంటే, మన ఒంటిమీద ఊదాగానో, చుట్టూ చర్మం కంటే ముదురుగానో ఉంటాయి. దెబ్బ తగిలిన చోట వేడి, వాపు, తాకితే నొప్పి కూడా చూడల్ల. "కమిలిన గుర్తుల్లేవు" అని రాసిన కాగితం ఎవరన్నా చూపిస్తే ఈ సంగతి అడగండి.

బిడ్డ కామెర్లకు 1969లో క్రేమర్ అనే డాక్టరు ఒక లెక్క చెప్పినాడు. పసుపు ముఖంలో మొదలై ఛాతీ, పొట్ట, కాళ్ల మీదుగా దిగి చివరికి అరచేతులకు, అరికాళ్లకు వస్తుంది. ఎంత కిందికి దిగితే అంత ఎక్కువన్నమాట. మనకు చిక్కు ఇక్కడే ఉంది. నల్లని ఒంటిమీద మధ్యలోని మెట్లు సరిగ్గా కనపడవు. తల్లికి మొదట కనపడే పసుపు అరికాలిదైతే, అది చివరి మెట్టు.

అందుకని బిడ్డను పగటి వెలుతురులోకి తీసుకురండి. బల్బు కింద చూడొద్దు, పసుపు గుడ్డ చుట్టొద్దు, పసుపు నలుగు పెట్టుంటే కడిగేయండి. ముక్కు కొన మీద, ఛాతీ మీద వేలితో మెల్లగా నొక్కి తీయండి. రక్తం పక్కకు పోయిన ఆ క్షణంలో పసుపుంటే కనపడుతుంది. తర్వాత కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు, అరచేతులు, అరికాళ్లు చూడండి. అక్కడ మెలనిన్ తక్కువ.

మూడో రోజు బిడ్డ ఛాతీ నొక్కితే ఏమీ తెలియలేదు, కన్ను మాత్రం పచ్చగా ఉంది, పాలు సరిగా తాగకుండా మగతగా పడుంది అనుకోండి. ఛాతీలో లేదు కదా అని ఊరుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి పంపల్ల. పుట్టిన 24 గంటల్లోపు పసుపొచ్చినా, అరికాళ్లు పచ్చబడినా అంతే. కంటితో చూసేది అనుమానం వరకే, ఎంతుందో రక్తపరీక్షే చెప్పల్ల. బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడుకు ఎక్కుతుంది. ఎండలో పడుకోబెట్టడం దానికి వైద్యం కాదు, ఆసుపత్రిలో నీలి లైటు కింద పెడతారు.

ఇదంతా పుస్తకాల్లోకి ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి నల్లని చర్మం మీద రోగాలు ఎట్లుంటాయో పాఠాల్లో చూపడం లేదని, తన గురువులతో కలిసి 2020లో 'మైండ్ ద గ్యాప్' అనే బొమ్మల పుస్తకం తెచ్చినాడు. అందులో తెల్లని చర్మం, నల్లని చర్మం పక్కపక్కనే ఉంటాయి. మన దేశపు చర్మవైద్యుల పుస్తకాల్లో మన ఒంటి బొమ్మలున్నాయి. మీకు శిక్షణలో ఇచ్చే పటంలో బిడ్డ ఏ రంగుందో ఈసారి చూడండి. తెల్లగా ఉంటే, మన బిడ్డ అరికాలు, చిగురు ఫోటోలు కూడా పెట్టమని అక్కడే అడగండి.